ముప్పై కాగితాలు, ముగ్గురు మనుషులు

మా పీహెచ్‌డీ గైడ్ గారికి అరవడం రాదు. అరిస్తే బాగుండునని ఆ రోజు అనుకున్నాను. ఏలూరులో వాళ్లింటి వరండాలో కూర్చోబెట్టి, నా మెథడాలజీ అధ్యాయంలో ఒక్క పేరాని నాతోనే పైకి చదివించారు.

కొల్లేరు పక్క చేపల చెరువుల్లో పనిచేసే ఆడవాళ్లకు కష్టం వచ్చినప్పుడు ఎవరి అండ ఉంటుంది? నా పరిశోధన అదే. ఆ పేరాలో నా ప్రశ్నావళి కథంతా ఉంది. మొత్తం ఇరవై ప్రశ్నలు. పన్నెండు, ముందే ఉన్న ఒక స్కేలు, అంటే కొలమానం నుంచి, దాన్ని తయారుచేసినవాళ్ల అనుమతితో తెలుగులోకి తెచ్చినవి. వేరొకరి చేత మళ్లీ ఇంగ్లీషులోకి తిప్పించి, అర్థం మారలేదని సరిచూసుకున్నాను. మిగతా ఎనిమిది, చెరువుల్లో గుర్రపుడెక్క కలుపు తీసే ఆడవాళ్లతో మాట్లాడి నేను రాసుకున్నవి. అన్నీ ఆ రంగం తెలిసిన ఐదుగురికి చూపించాను. జవాబులు ఐదు మెట్లు: ఎప్పుడూ లేదు, అరుదుగా, అప్పుడప్పుడు, ఎక్కువసార్లు, ఎల్లప్పుడూ. నాలుగో మెట్టుకి మొదట్లో 'తరచుగా' అని పెట్టాను. ఆ మాట దగ్గర ఆ ఆడవాళ్లందరూ తెల్లమొహం వేశారు కాబట్టి మార్చాను. అసలు సర్వేకి ముందు పరీక్షగా ముప్పై మందిపై పైలట్ చేశాను. ఆల్ఫా విలువ ఒకటికి బాగా దగ్గరగా వచ్చింది. ఇరవై ప్రశ్నలూ ఒకే విషయాన్ని పొందికగా కొలుస్తున్నాయో లేదో చెప్పే లెక్క అది. ఒకటికి ఎంత దగ్గరైతే అంత పొందిక. నాకైతే కాళ్లు నేల మీద నిలవలేదు.

"బాగా రాశావమ్మా," అన్నారాయన. "ఒక్కటే చెప్పు. పైలట్ నిర్వహించడమైనది అని రాశావు. ఎలా నిర్వహించావు?"

"చదువు రానివాళ్లు సర్. నేనే ప్రశ్న చదివి, నేనే టిక్కు పెట్టాను."

"నువ్వు చదువుతుంటే పక్కన ఎవరున్నారు?"

నాకు చిరాకేసింది. పక్కన ఎవరుంటే ఏం? చెరువు గట్టు మీద ఎవరుంటారు, ఉన్నవాళ్లే ఉంటారు! ఆయన నేను నింపిన కాగితాల కట్ట అందుకుని, ఒకదాని పక్కన ఒకటి నేల మీద పరిచారు. మొదటి పదింటిలో టిక్కులు అచ్చు ఒకలాగే ఉన్నాయి. తర్వాతి పది, వాటిలో అవి ఒకలాగే. ఆఖరి పదీ అంతే.

అక్కడి పద్ధతి నాకు తెలియక కాదు. చెరువులో చేపలు పట్టే పట్టుబడి రోజున ఆడవాళ్లు ముఠాలుగా వస్తారు. ముఠాకి పదిమంది, ఒక పెద్దావిడ. ఎవరేమడిగినా ముందు ఆవిడే మాట్లాడాలి. మిగతావాళ్లు "ఆవిడేమన్నారో అదే రాసుకోండమ్మా" అంటారు. అది వాళ్ల మర్యాద. నేనూ అదే రాసుకున్నాను. ఎండ దంచేస్తోంది, పని త్వరగా అయిపోతోందని లోపల సంతోషం కూడాను. మా నాన్నది బట్టలు కుట్టే దుకాణం. ఒక్కరి కొలత తీసుకుని పదిమందికి కుట్టినవాడిని ఆయన గుమ్మం ఎక్కనివ్వడు. ఆయన కూతురు చేసింది ఆ పనే.

"నీ దగ్గరున్నవి ముప్పై కాగితాలు, ముగ్గురు మనుషులు," అన్నారు గైడ్ గారు. "ముగ్గురు పెద్దవాళ్లూ తలా ఒక మెట్టు పట్టుకుని దాదాపు అన్నిటికీ అదే చెప్పారు. ఎవరి మాట మీద వాళ్ల ముఠా నిలబడింది. ఆల్ఫా పెరగక ఏమవుతుంది?"

ఆయన రిటైర్మెంటుకి నెలరోజులే ఉంది. ఈలోగా కమిటీ ముందు ఈ అధ్యాయం ఆయన సంతకంతో పెట్టకపోతే నా రిజిస్ట్రేషన్ గడువు ముగుస్తుంది. నాలుగేళ్ల కష్టం నీళ్లలో కలుస్తుంది. సంతకం పెట్టేయండి సర్, ఎవరు చూడొచ్చారు అని నాలుక చివరిదాకా వచ్చింది. సిగ్గుపడుతూనే చెబుతున్నాను, వచ్చింది. అనలేదు. ధైర్యం చాలక అనలేదు.

మర్నాడు తెల్లవారకుండానే ఆ చెరువులున్న కొల్లేటికోట దారి పట్టాను. ఈసారి ఒక్కొక్కరినీ, మాట వినపడనంత దూరంగా, ఐసు షెడ్డు వెనక కూర్చోబెట్టి అడిగాను. "అందరిలో అడిగితే ఏం పోయిందండీ?" అని నవ్వారు. ఒకామె "మా పెద్దావిడ చెప్పేశారు కదండీ" అని లేచిపోబోయింది. బతిమాలి కూర్చోబెట్టాను. రోజుకి నలుగురైదుగురు దొరికితే గొప్ప. కొందరు ప్రశ్న విని చాలాసేపు మాట్లాడలేదు. మొదటిసారి ఈ నిశ్శబ్దాలు నాకెందుకు కనబడలేదో అర్థమై, నా మీద నాకే అసహ్యం వేసింది.

మొదటి ముఠా పెద్దావిడ ఆఖరున వచ్చింది. అరవై దాటి ఉంటుంది. నీళ్లలో నాని వేళ్ల సందులు తెల్లగా ఒరుసుకుపోయాయి. ఆ మొదటిసారి అందరి ముందూ అన్నిటికీ గట్టిగా "ఎల్లప్పుడూ" అన్నది ఆవిడే.

"నాకు ఒంట్లో బాగాలేని రోజున ఆదుకునేవాళ్లు ఉన్నారు," అని చదివాను.

"ఎప్పుడూ లేదు," అంది.

నేను కలం ఆపి తలెత్తాను.

"పోయినేడు చెరువులోనే పడిపోయానమ్మా. వీళ్లే గట్టు మీదికి లాగారు. మర్నాటి నుంచి వారం రోజులు ఇంట్లో ఒక్కదాన్నే పడున్నాను. ఒక్కరొస్తే ఒట్టు. వాళ్ల పనులు వాళ్లవి, పాపం."

"మరి ఆ రోజు ఎల్లప్పుడూ అన్నారు కదండీ?"

"అందరి ముందూ అడిగావు కదమ్మా. పదిమందీ నా మొహమే చూస్తున్నారు. మీరెవరూ నాకు లేరని వాళ్ల మొహం మీద ఎలా అంటాను?"

మిగతా ప్రశ్నలూ అడిగి టిక్కులు పెట్టాను. అయిపోయాక ఆవిడ కాగితం మీద వేలు పెట్టింది. "ఇప్పుడు చెప్పింది కొట్టేయవు కదా? ఎవరితోనూ అనలేదమ్మా ఇది. పుస్తకంలో ఉంటుంది కదా?"

"ఉంటుందండి," అన్నాను.

ఈసారి ఆల్ఫా తగ్గింది. తగ్గినా సరిపోయేంత ఉంది. మిగతావాటితో పొసగని ప్రశ్న ఒకటి తేలితే తీసేశాను, పంతొమ్మిది మిగిలాయి. పేరా మళ్లీ రాశాను. మొదటి పైలట్ గుంపులో జరిగిందని, అందుకే దాని ఆల్ఫాను లెక్కలోకి తీసుకోలేదని, రెండోసారి ప్రతి ఒక్కరినీ విడిగా అడిగానని, అదే మనుషుల్ని మళ్లీ అడగడం ఒక పరిమితి అని, ఏదీ దాచకుండా పెట్టాను. గైడ్ గారు చదివి, చివర్లో ఒక వాక్యం తగ్గిందన్నారు. అది లేకపోతే కమిటీ అడుగుతుందన్నారు. నిజమే, ఆ నియమం నాకూ తెలుసు. పరికరాన్ని సరిచూసుకోవడానికి వాడిన మనుషుల జవాబులు అసలు ఫలితాల్లో కలపకూడదు.

ఆ వాక్యం ఆయన ఎదుటే కూర్చుని రాశాను. 'పైలట్‌లో పాల్గొన్నవారిని ప్రధాన అధ్యయనంలో చేర్చలేదు.' ఆయన సంతకం పెట్టారు. కమిటీ ఆమోదించింది, రిజిస్ట్రేషన్ నిలిచింది, ఆ తర్వాత డిగ్రీ కూడా వచ్చింది. బైండు చేసిన థీసిస్ ఇప్పుడు మా ఇంట్లో బీరువా మీద ఉంది. ఆ పెద్దావిడ చెప్పిన మాట అందులో ఎక్కడా లేదు.