ఫోటో వెనక పెన్సిల్ టిక్కు

దిల్‌సుఖ్‌నగర్‌లో మా మామగారి ఫోటో స్టూడియోలో కంప్యూటర్ ముందు కుర్చీ ఒక్కటే ఉండేది. తొమ్మిదేళ్లు ఆ కుర్చీ నాదే. మా ఆయన ఫోటోలు తీస్తే నేను వాటిని దిద్దేదాన్ని. మొటిమలు పోగొట్టడం, చీర కుచ్చిళ్లు సర్దడం, అన్నిటికంటే ముఖ్యంగా మూసుకున్న కళ్లు తెరిపించడం నా పని. గ్రూపు ఫోటో అంటే ఎవరో ఒకరు రెప్ప వేస్తారు. అందుకే మా ఆయన కెమెరా స్టాండు కదపకుండా వరసగా మూడు నాలుగు తీసేవాడు. ఒకదాంట్లో కళ్లు మూసుకున్నావిడ మొహం మరోదాంట్లోంచి కోసి తెచ్చి, అంచులు రుద్ది, రంగు కలిపి అతికించేదాన్ని. ఒక్కో మొహానికి అరగంట పట్టేది. పని అయ్యాక మామగారు కళ్లజోడు పెట్టుకుని చూసి, "మా పెద్దకోడలి చెయ్యి పడ్డంక దేవుడు గూడ గుర్తువట్టలేడు" అనేవాడు. ఆ మాట కోసమే పనిచేసేదాన్నని ఇప్పుడు ఒప్పుకుంటాను.

ప్రింటయిన ప్రతి ఫోటో ఫ్రేములోకి వెళ్లేముందు నేను చూడాలి. చూసి, వెనక మూలన పెన్సిల్‌తో చిన్న టిక్కు పెట్టాలి. టిక్కు లేనిది బయటికి పోకూడదని మామగారి రూలు. స్టూడియోలో నా అధికారమంతా ఆ పెన్సిల్ ముక్కలోనే ఉండేది.

తెలంగాణ ఉద్యమం ముదిరిన రోజుల్లో మా మరిది పెళ్లయింది. పిల్ల మా పక్కన చైతన్యపురిలోనే పుట్టి పెరిగింది, కానీ వాళ్లది గుంటూరు వైపు కుటుంబం. మాది నల్గొండ. పెళ్లిచూపులనాడే మా చుట్టాలు మూతులు ముడుచుకున్నారు. నాకు అది పట్టలేదు. ఆ పిల్ల బీటెక్ చదివిందన్నదే పట్టింది. నేను ఇంటర్ దగ్గరే ఆగినదాన్ని.

బందులతో ఉద్యోగాల ఇంటర్వ్యూలు వాయిదా పడుతున్నాయని ఆమె రోజూ స్టూడియోకి వచ్చి కూర్చునేది. నాలుగు రోజులు నా పక్కన స్టూలు మీద కూర్చుని చూసింది. అయిదోనాడు, "అక్కా, మీరు చేసేదే కంప్యూటర్ చేసేలా పైథాన్‌లో ప్రోగ్రాం రాయొచ్చండి, ఫోటోల పనికి ఓపెన్‌సీవీ అని ఉచితంగా దొరుకుతుంది" అంది. నేను నవ్వి ఊరుకున్నాను. వారం తిరక్కుండా రాసేసింది.

ఎలా పనిచేస్తుందో నాకు ఓపిగ్గా చెప్పింది. ఆ ఓపిక కూడా నాకు నచ్చలేదు. ముందు ప్రోగ్రాం ఫోటోలో మొహాలు ఎక్కడున్నాయో వెతికి, ఒక్కోదాని చుట్టూ డబ్బా గీస్తుంది. తర్వాత, ఆమె ఎక్కడినుంచో దించుకున్న ఇంకో చిన్న ప్రోగ్రాం ప్రతి మొహం మీద అరవై ఎనిమిది చుక్కలు పెడుతుంది. దవడ వెంబడి, కనుబొమ్మల మీద, కళ్ల చుట్టూ, ముక్కుకి, పెదాలకి. ఆ చుక్కల్ని ముగ్గు కలిపినట్టు మూడేసి చొప్పున కలిపితే మొహమంతా త్రికోణాలవుతుంది. ఈ ఫోటోలోని త్రికోణాన్ని ఆ ఫోటోలోని త్రికోణానికి సరిపోయేలా సాగదీసి, వంచి కూర్చోబెడుతుంది. అన్నీ కూర్చున్నాక కొత్త మొహం సగటు రంగుని పాత మొహం రంగుకి మారుస్తుంది. చివరగా నల్లటి పలక మీద బయటి చుక్కల వెంట తెల్లటి ముసుగు గీసి, దాని అంచుల్ని మసకబారుస్తుంది. తెల్లగా ఉన్నచోట కొత్త మొహం, నల్లగా ఉన్నచోట పాత ఫోటో, మసకలో రెండూ కలిసి.

"నుదురు మాత్రం రాదక్కా. చుక్కలు కనుబొమ్మల దగ్గరే ఆగిపోతాయి. నుదురు, జుట్టు పాత ఫోటోవే ఉంటాయి. మనిషి ఒకరే కదా, ఇబ్బంది లేదు."

మీట నొక్కింది. నా అరగంట పని టీ గ్లాసు చేతిలోకి తీసుకునేంతలో అయిపోయింది. అతుకు కోసం మొహం మానిటర్‌కి ఆనించి వెతికాను. కనబడలేదు. ఒళ్లు మండిపోయింది. మామగారు నా వెనకే నిలబడి చూసి, "అరె, ఇది కమాల్ చేసింది బిడ్డా" అన్నాడు. నాకెప్పుడూ అలా అరె అనలేదు. మర్నాడు నేను వచ్చేసరికి కుర్చీలో ఆమె ఉంది. లేవబోయింది. "కూసో చెల్లె, కూసో" అన్నాను. స్టూలు మీద కూర్చుని తొమ్మిదేళ్ల తర్వాత మొదటిసారి ఊరికే రోడ్డు చూశాను.

అలాంటప్పుడు దీక్ష ఫోటో వచ్చింది. ఎల్బీ నగర్ దగ్గర టెంటు వేసి రోజుకో జట్టు నిరాహార దీక్షకి కూర్చునేవారు. మా అమ్మాయి చదివే సర్కారు బడి టీచరమ్మలంతా ఒకరోజు కూర్చున్నారు. కుర్చీల్లో ఒక వరస, వెనక నిలబడి ఒక వరస. వెనక వరసలో బడి ఆయమ్మ కూడా ఉంది. రూపాయి బిళ్లంత కుంకుమ బొట్టు పెట్టుకునే మనిషి. బడి గంట కొట్టేది, పిల్లలకి ముక్కులు తుడిచేది ఆమే. టీచరమ్మలతో సమానంగా ఫోటో దిగడం ఆమెకదే మొదటిసారని మా ఆయన చెప్పాడు. "ఫోటోల నేను వడ్తున్ననా సారూ?" అని మూడుసార్లు అడిగిందట.

ఎండకి అయిదుగురు కళ్లు మూసుకున్నారు. అందులో ఆయమ్మ ఒకరు. మా చెల్లె, అదే మా తోడికోడలు, ఫోటోల్ని ప్రోగ్రాంలో వేసింది. మొహాలకి ఎడమనుంచి కుడికి నంబర్లు పడతాయి. మొదటి ఫోటోలో ఏడో నంబరు కళ్లు మూసుకుంటే రెండో ఫోటోలో ఏడో నంబరు మొహం తెచ్చి పెడుతుంది. ఫోటో ప్రింటయి నా చేతికొచ్చింది.

నాకు చూడగానే తెలిసింది. ఆయమ్మ బొట్టు కింద ఆయమ్మ కళ్లు లేవు.

ముందు వరసలో ఆమెకి కాస్త కుడిపక్కగా కూర్చున్న లెక్కల టీచరమ్మ, రెండో ఫోటో తీసేటప్పుడు ఎడమకి ఒరిగింది. దాంతో ఎడమనుంచి లెక్కపెట్టే వరస తారుమారయింది. ఏడో నంబరు ఆయమ్మ కాస్తా ఎనిమిదైంది, టీచరమ్మ ఏడైంది. టీచరమ్మ మొహమే వెనక కూడా వచ్చి కూర్చుంది. రంగు ఆయమ్మ రంగుకి మారిపోయింది, జుట్టు, బొట్టు, చీర ఆయమ్మవే. వాళ్లెవరో తెలియని మా చెల్లె ఎంతసేపూ అంచులే చూసుకుంది. మొహాలు గుర్తుపట్టడం నా పని.

నోరు తెరిస్తే అయిపోయేది. తెరవలేదు. ఒక్క తప్పు బయటపడితే చాలు, కుర్చీ నాకొస్తుంది అనుకున్నాను. కచ్చితంగా ఆ మాటలతోనే అనుకున్నాను. ఫోటో తిప్పి, మూలన టిక్కు పెట్టి, ఫ్రేము కట్టించడానికి ఇచ్చాను. ఆ పూట అన్నం కూడా రుచిగా తిన్నాను.

మూడు రోజులు ఎవరూ రాలేదు. ఫోటో బడిలో గోడకి తగిలించారట. టీచరమ్మలందరూ చూసుకున్నారట, ఎవరి మొహం వాళ్లు. నాలుగోనాడు ఆయమ్మే ఫ్రేము చంకన పెట్టుకుని వచ్చింది. తోడుగా తెలుగు టీచరమ్మ వచ్చింది. ఆయమ్మ ఫ్రేముని కౌంటరు మీద పెట్టి, చూపుడువేలు అద్దం మీద ఈ చివరనుంచి ఆ చివరదాకా నడిపించింది.

"నేనెక్కడున్న బిడ్డా? చీర నాదే, బొట్టు నాదే. మొకం నాది గాదు. మా మనవడు గూడ నువ్వు లేవు నానమ్మా అంటున్నడు. తెల్లారంగవోయి పొద్దూకేదాంక నీళ్లతోటే కూసున్న గాదు?"

నేను ఎదురుచూసిన ఘడియ అదే. తీరా వచ్చేసరికి ఆ వేలు చూడలేకపోయాను.

టీచరమ్మ మా చెల్లెని ఎగాదిగా చూసింది. "మీరు ఆంధ్రోళ్లంట గదా? దీక్షల కూసున్న మనిషిని ఫోటోలకెల్లి తీసేసుడేంది? కావాల్నని చేసిన్రా?"

చెల్లె మొహం పాలిపోయింది. దీన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు. గొడవ కుర్చీ దగ్గరే ఆగుతుందనుకున్నాను. మామగారు గబగబా ఫ్రేము బోర్లించి మేకులు పీకసాగాడు. అట్ట తీశాడు. ఫోటో వెనకవైపు, మూలన నా టిక్కు. ఆయనకి దగ్గరిచూపు ఆనదు, కళ్లజోడు నెత్తిమీదే ఉంది. చెల్లె మాత్రం చూసింది. టిక్కు వైపు, తర్వాత నావైపు. చప్పున ఫోటోని తిప్పి పెట్టేసింది.

"తప్పు నాదేనండీ. కావాలని చెయ్యలేదు. నంబర్ల వరస తప్పింది. ఇప్పుడే సరిచేసి ఇస్తాను."

నిజం చెప్పాలంటే అప్పుడు కూడా నాకు సిగ్గు కన్నా ముందు అసూయే కలిగింది. చదువూ ఈమెదే, మంచితనమూ ఈమెదేనా అనిపించింది. ఆ కోపంతోనే నోరు తెరుచుకుంది.

"ఆమెది గాదు, నాది తప్పు. గీ ఫోటో నేను చూసిన. తెలిసే పంపిన" అన్నాను.

ఆయమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఎంత మంచిదానివి తల్లీ! చెల్లె తప్పు నీ మీదేసుకుంటున్నవు." టీచరమ్మ కూడా చల్లబడింది. "మీ ఇంట్ల మంచిగున్నరమ్మా" అంది. మామగారు కళ్లు తుడుచుకున్నాడు. "మా పెద్దకోడలు గంతే" అన్నాడు. తొమ్మిదేళ్లుగా నేను బతిమాలుకున్న మెప్పు ఆ గొంతులో ఉంది. కాదు, నిజంగానే చేశానని మళ్లీ చెప్పాల్సింది. చెప్పలేదు. ఊరుకున్నాను, తల కూడా వంచుకున్నాను. వంచుకుంటే ఇంకా మంచిదాన్నయ్యాను.

చెల్లె కుర్చీలో కూర్చుని ప్రోగ్రాం మార్చింది. ఈసారి నంబరుని బట్టి కాదు, మొదటి ఫోటోలో మొహం ఎక్కడుందో దానికి అన్నిటికంటే దగ్గరగా ఉన్న మొహాన్నే రెండో ఫోటోలోంచి ఎంచుకునేలా రాసింది. స్టాండు కదలలేదు కాబట్టి అది చాలు. ఆయమ్మ స్టూలు మీద కూర్చుని, తెర మీద తన కళ్లు తెరుచుకోవడం చూసి నవ్వింది.

ప్రింటు బయటికొచ్చింది. చెల్లె దాన్ని బోర్లించి నా ముందు పెట్టి, పెన్సిల్ అందించింది.

"చూసి పెట్టండక్కా" అంది. గొంతులో ఎత్తిపొడుపు ఏమీ లేదు.

ఫోటో తిప్పి ఇరవైనాలుగు మొహాలూ ఒక్కొక్కటిగా చూశాను. ఆ గదిలో నేనేంటో తెలిసిన మనిషి ఒక్కతే, ఆమె నా పక్కనే ఉంది. టిక్కు పెట్టాను. చెల్లె లేచి నాకు కుర్చీ ఇచ్చింది. అందరూ చూస్తున్నారు కాబట్టి కూర్చున్నాను.