ఒక్క ఆకు మిగిలింది

మొన్న మౌల్వీసాబు శిష్యుడు మా బైండింగు కొట్టుకు ఒక లావుపాటి అరబ్బీ పుస్తకం తెచ్చాడు. కుట్లు చూడగానే అది మా చిన్నాయన పని అని తెలిసింది, నవ్వాగలేదు.

చిన్నాయనకు తెలియని విషయం ఈ రాయచూరులో లేదు, కనీసం ఆయన దృష్టిలో. ముప్పై ఏళ్ల కింద మౌల్వీసాబు ఈ ఖురాన్ వ్యాఖ్యానాన్ని విడి ఆకులుగా తెచ్చాడు. పేజీ నంబర్లున్న మూలలన్నీ చెదలపాలు. శుక్రవారం నుంచి పాఠం మొదలు. వరుస తానే చెబుతాననీ, అంతదాకా ముట్టవద్దనీ చెప్పి వెళ్లాడు. చిన్నాయనకు ఉర్దూ బళ్లో నేర్చిన అక్షరాలు వచ్చు, అరబ్బీ అర్థం రాదు. అయినా ఆగుతాడా? పెద్దక్షరాల వాక్యాలున్న ఆకులన్నీ ముందు పేర్చాడు. పేర్లే పేర్లున్నవి వెనక్కి తోసేశాడు. ఒకే మాట నాలుగుసార్లు కనిపించినవి అచ్చుతప్పులని పక్కన పెట్టాడు.

మౌల్వీసాబు చూసి బెంచీ మీద కూలబడ్డాడు. "ఏంది చేసినవయ్యా! ఆ పేర్లే ఈ కితాబుకు ప్రాణం."

"ఒకటే మాట నాలుగుసార్లేంది సాబ్?" అన్నాడు చిన్నాయన.

రెండు రోజులు కూర్చుని మౌల్వీసాబే వరుస చేశాడు, చెబుతూ చేశాడు. ముందు పెద్దక్షరాల ఖురాన్ వాక్యం. దాన్ని వివరించే ఖురాన్‌లోని వేరే వాక్యముంటే అది. తర్వాత ప్రవక్త మాట, ఆయన సహచరుల మాట, వారి శిష్యుల మాట. ప్రతి మాటకూ ముందు, ఎవరు ఎవరి దగ్గర విన్నారో ఆ గొలుసు. ఒకే మాట వేరే గొలుసుతో వస్తే అది మరో సాక్ష్యం. పదం అర్థానికి పాత అరబ్బుల కవిత్వం రుజువు. అభిప్రాయాలు వేరైతే అన్నీ చెప్పి, చివర్న మాత్రమే వ్యాఖ్యాత తనకేది సబబో చెబుతాడు, ఎందుకో కూడా చెబుతాడు. భాషా, ఆధారాలూ ఎరిగి ఆలోచిస్తే తప్పులేదు, వట్టి ఊహే నిషిద్ధం.

ఒక ఆకు మిగిలింది. పైవరుసా కిందివరుసా చెదలు తిన్నాయి, వాక్యం లేదు, గొలుసులే. చిన్నాయన ఒకచోట పెట్టి చూపాడు. "గిక్కడ అతుకుతది సాబ్."

"అతికితే సరా? వట్టి ఊహతో చెప్పింది నిజమైనా తప్పే అన్నరు మా పెద్దలు. నా దగ్గర పాఠం వినే శాగిర్దులు దీన్నే పదిమందికి చెప్తరు."

చిన్నాయన మూతి ముడుచుకున్నాడు. తర్వాత పది రోజులు ఇంట్లో పప్పులో ఉప్పు తక్కువైందన్నా "ఎవరి నుంచి విన్నవు?" అని పిన్నిని సతాయించాడు. పాపం, ఆమె గరిటె చూపించేది.

మొన్న పాత అట్ట విప్పితే వెనక జేబులాంటి కవరు కనిపించింది. అందులో ఆ ఆకు, చిన్నాయన చేతిరాత చీటీ: 'దీని జాగా తెలియదు. ఊహతో పెట్టలేదు.' పోయేదాకా అన్నీ తెలుసన్న మనిషి రాసిన మాట అది. నా కళ్లు తడిశాయి.

శిష్యుడు ఫోనులో అదే పుస్తకం ఇంకో ప్రతి తెరిచి, వెతికి, ఆకు జాగా వేలితో చూపాడు. సరిగ్గా చిన్నాయన పెట్టి చూపిన చోటే. ఆధారం రావడానికి ముప్పై ఏళ్లు పట్టింది, అంతవరకు ఆకు ఆగింది, చిన్నాయన ఆగలేకపోయాడు.