పొసగని రాబడి లెక్క

టీచింగ్ అసిస్టెంట్ అంటే వినడానికి బాగానే ఉంటుంది. ఉప్పల్‌లోని మా డిగ్రీ కాలేజీలో దాని అర్థం, ప్రొఫెసర్‌గారికి ఓపిక లేని పనులన్నీ నావని. ఆ ఏడాది మిడ్‌టర్మ్ పేపర్లు నాచారంలో మా ఇంటికి తెచ్చుకుని దిద్దాను. డిమాండ్ వ్యాకోచత్వం, అంటే ధర మారితే అమ్మకం ఎంతగా మారుతుందన్న లెక్క దగ్గర సగం క్లాసు బోల్తా పడింది. చదివి చదివి నా తల వాచిపోయింది.

"తప్పులేమిటో ఉత్తరం రాసి అందరికీ ఇవ్వమ్మా. మళ్లీ పరీక్ష ఒక్కసారే పెడతాను" అన్నారు ప్రొఫెసర్‌గారు.

రాశాను. 'సమోసా ధర పది రూపాయల నుంచి పన్నెండుకు పెరిగితే అమ్మకం వంద నుంచి తొంభైకి తగ్గింది. మీరు పది సమోసాలను రెండు రూపాయలతో భాగించి ఐదు అన్నారు. శాతాన్ని శాతంతో భాగించాలి నాయనలారా! అమ్మకం తగ్గింది పది శాతం, ధర పెరిగింది ఇరవై శాతం. మైనస్ గుర్తు పక్కన పెడితే జవాబు అర. ఒకటి కన్నా తక్కువ కాబట్టి ధర పెంచితే రాబడి పెరుగుతుంది. ఇంకోటి, డిమాండ్ రేఖ తిన్నగా ఉన్నంత మాత్రాన వ్యాకోచత్వం అంతటా ఒకటే కాదు. రేఖ మీద కిందికి వచ్చేకొద్దీ తగ్గుతుంది.'

ఉత్తరం ఇంకా ఇవ్వకముందే ఒకమ్మాయి స్టాఫ్‌రూమ్‌కు వచ్చింది.

"మేడం, గీసారి గూడ పోతే సదువు మానిపిస్తరు. మల్లాపూర్ల ప్యాకింగ్ పనికి మాట్లాడిన్రు ఇంట్ల."

ఆమె పేపరు తీశాను. అదే ఐదు. ఒకటి కన్నా ఎక్కువ వస్తే, ధర పెంచితే రాబడి తగ్గాలి. కిందనే పాత రాబడి వెయ్యి, కొత్త రాబడి వెయ్యీ ఎనభై అని వేసి, రెండోదాన్ని అడ్డంగా కొట్టేసి 'రాబడి తగ్గును' అని రాసింది.

"ఇది సరిగ్గానే వేశావు కదమ్మా, ఎందుకు కొట్టేశావు?"

"ఐదు సూత్రంతోని వచ్చింది మేడం. గా వెయ్యీ ఎనభై నేను ఏసుకున్న లెక్క. నాదే తప్పైతదనుకున్న."

నాకు చెప్పలేనంత కోపం వచ్చింది, ఆమె మీద కాదు. సూత్రం బట్టీ పట్టమని చెప్పిచెప్పి ఈ పిల్లల్ని ఇలా చేసింది మేమే. ఆ సాయంత్రం ఉత్తరం చివర రెండు వాక్యాలు కలిపాను. 'రెండు లెక్కలు పొసగకపోతే దేన్నీ కొట్టేయకండి. పొసగలేదని రాసి, రెండూ మళ్లీ వేయండి.'

మళ్లీ పరీక్షలో ధర ఇరవై నుంచి ఇరవై ఐదుకు, అమ్మకం యాభై నుంచి నలభై ఐదుకు. ఆ అమ్మాయి అలవాటు కొద్దీ ఐదును ఐదుతో భాగించి ఒకటి అంది. అలాగైతే రాబడి మారకూడదు. కింద వేసుకున్న రాబడి మాత్రం వెయ్యి నుంచి వెయ్యీ నూట ఇరవై ఐదుకు పెరిగింది. ఈసారి దేన్ని కొట్టేసిందోనని కిందికి చూశాను.

తర్వాతి వరుసలో ఇలా ఉంది: 'పొసగుతలేదు మేడం. నా లెక్క కరెక్టే. సూత్రమే మల్ల చూస్తున్న.' దాని కింద పది శాతం, ఇరవై ఐదు శాతం, జవాబు సున్నా పాయింట్ నాలుగు.

పూర్తి మార్కులు వేసి, పేపరు పక్కన పెట్టి, కాసేపు ఏడ్చాను.