ఆ మెయిలులో ‘ఆయన’ ఎవరు

బాగేపల్లి గోదాము తాళాలు నా చేతిలోంచి పోయింది ఒక మెయిలు వల్ల. అది నాకు ఇప్పటికీ అక్షరం తప్పకుండా గుర్తుంది.

రైతులకు వేరుశనగ విత్తనం పంచే సంస్థలో నేను గోదాము ఇన్‌ఛార్జిని. ఆ రోజు చింతామణిలో లోడు బయలుదేరకముందే డ్రైవరుకు ఫోన్ చేసి, ఇక్కడ మబ్బు పట్టింది, లోడు మీద టార్పాలిన్ పట్ట కప్పుకొని రమ్మన్నాను. కప్పలేదు. మూటలు తడిసి వచ్చాయి. చింతామణి ఆఫీసులో రిపోర్టులు రాసే అమ్మాయి చిక్కబళ్ళాపురంలోని మేనేజరుకు ఇంగ్లీషులో మెయిలు పెట్టింది. తెలుగులో చెబితే ఇంతే: “గోదాము ఇన్‌ఛార్జి వాన గురించి డ్రైవరుతో మాట్లాడారు. ఆయన పట్ట సంగతి చూసుకోలేదు. విత్తనం తడిసింది.”

మొదటి వాక్యం నాతో మొదలైంది కాబట్టి రెండో వాక్యంలోని ‘ఆయన’ కూడా మేనేజరుకు నేనే అయ్యాను. నన్ను ఒక్క మాట అడగలేదు. తాళాలు అప్పగించి బదిలీ మీద గూళూరు పొమ్మన్నాడు.

నేను ఆ మెయిలు కాపీ పట్టుకొని బస్సెక్కి నేరుగా చింతామణి వెళ్ళాను.

“ఏమ్మా, దీంట్లో ఆయనంటే ఎవరు?”

“డ్రైవరప్పే కదప్పా! ఇంకెవరు?”

“యాడుండాది అట్లని? చూపించు.”

“పెద్దాయన కదప్పా. మాటిమాటికీ డ్రైవరు డ్రైవరని రాస్తే మర్యాదగా ఉంటాదా?”

“ఆయప్ప మర్యాద నిలిపి నా నెత్తిన మన్ను పోసినావు తల్లీ.”

మా వైపు అంతే. పెద్దవాళ్ళను పేరు పెట్టి అనరు. ‘ఆయప్ప’ అని గడ్డం ఎత్తి చూపిస్తారు. ఎదురుగా ఉన్నవాడికి అర్థమవుతుంది. మెయిలుకు గడ్డం ఎక్కడిది?

ఆమె వెంటనే ఇంకో మెయిలు పెట్టింది: “నిన్నటి మెయిలుతో తడిసిన మూటల రిపోర్టు పంపాను. అందులో తప్పుంది, చూడగలరు.” సాయంత్రానికి జవాబు వచ్చింది: “రిపోర్టు చూశాం. మూటల లెక్క సరిగానే ఉంది.” తప్పు మెయిలులో ఉంటే వాళ్ళు రిపోర్టులో వెతికారు.

మర్నాడు మళ్ళీ వెళ్ళి ఆమె పక్కనే కుర్చీ వేసుకొని కూర్చున్నాను. “‘ఆయన’ వద్దు, ‘అందులో’ వద్దు. నేను చెప్పింది చెప్పినట్లు కొట్టమ్మా” అన్నాను. “పట్ట కప్పమని గోదాము ఇన్‌ఛార్జి డ్రైవరుకు ముందే చెప్పారు. డ్రైవరు పట్ట కప్పలేదు.”

రెండో వాక్యం దగ్గర ఆమె చేయి ఆగింది. “ఆయప్ప నొచ్చుకుంటాడప్పా.”

“నేను నొచ్చుకుంటే ఎవురూ అడగల్యా. కొట్టు.”

తాళాలు తిరిగి వచ్చాయి. క్షమాపణ మాత్రం రాలేదు, అది నేను మరచిపోను.

తర్వాత లోడు వచ్చినప్పుడు డ్రైవరు నాతో మాట్లాడలేదు. ఎప్పుడూ “టీ తాగుదాం రాప్పా” అని పిలిచే మనిషి. మూటలు ఎక్కడ దించాలని హమాలీలు అడిగితే, “ఆయప్పను అడగండి” అని నావైపు గడ్డం ఎత్తాడు.

ఎవరినని ఒక్కరూ అడగలేదు.