బోర్డు మీది నీడ

తిరుత్తణిలో ఒక ఆసుపత్రి బోర్డు మీద 'అవసర చికిత్స' అని, అంటే అత్యవసర చికిత్స అని, తమిళంలో లావుగా రాసి, అందానికి అక్షరాల పక్కన నల్లటి నీడ కూడా వేశాను.

ఒక మునిమాపు వేళ నేనక్కడ ఉండగా, భర్తను భుజానికి ఆనించుకున్న ముసలామె ఆ బోర్డు కిందే నిలబడి, "అవసరం వార్డు యాడ నాయనా?" అంది.

"నీ తల మీదే రాసుండాది కదమ్మా" అన్నాను.

"అంతా మసి పూసినట్టుండాది. ఈడే రెండు తూర్లు తిరిగినాను."

నేనూ ఆమే కలిసి ఆయన్ని లోపలికి తీసుకెళ్లాం. ఆయన బతకలేదు.

మర్నాడు ఆ నీడ చెరిపేశాను. ముదురు నీలం మీద తెల్లగా, మరీ లావు కాని సమానమైన గీతలతో, అక్షరాల లోపలి ఖాళీలు పూడకుండా, ఎడంగా రాశాను. పొద్దు వాలాక ఒక ముసలి నేతగాణ్ణి గేటు దగ్గర నిలబెట్టి చదివించాను. తడుముకోకుండా చదివాడు.

ఆలస్యం వల్లే ఆయన పోయాడని నన్నెవరూ అనలేదు. అయినా ఇప్పటికీ బోర్డు రాసి నిచ్చెన దిగేటప్పుడు, కింద ఆమె నిలబడి ఉంటుందేమోనని చూడటానికి భయపడతాను.