అశ్విని పక్క పాపిట

మా ఆడబిడ్డ బాలమణికి వంకర అంటే పడదు. కుంఠా నాకా దగ్గర మరమగ్గాల కార్ఖానాలో ఏళ్ల తరబడి తువ్వాళ్ల అంచులు సరిచూసిన మనిషి. ఒక్క పోగు బయటికొస్తే కత్తెర పడాల్సిందే. కార్ఖానా మూతపడ్డాక పార్లర్ పని నేర్చుకుని, భవాని పేట్‌లో మా ఇంటి ముందుగదిలో అద్దాలు పెట్టింది. నా కనుబొమ్మలు కూడా తువ్వాల అంచులాగే తీస్తుంది. కసరడం ఆమెకు అలవాటు, పడటం నాకు అలవాటు.

ఆ రోజు వెనక గల్లీ అమోల్ భార్య అశ్విని ఒక విగ్గు పట్టుకొచ్చింది. క్యాన్సర్ మందులకు ఆమె జుట్టంతా రాలిపోయింది. ఆ సంగతి భివండిలో కొడుకు దగ్గరుంటున్న తల్లి చంద్రభాగకు చెప్పలేదు. ఆమెది గుండె జబ్బు, వింటే ఏమైపోతుందోనని భయం. ఆ తల్లే చెప్పాపెట్టకుండా రైలెక్కి, దగ్గరికొచ్చాక ఫోన్ చేసింది. అమోల్ స్టేషన్‌కు పోయాడు.

"దీనికి నడుమ పాపిటున్నదక్కా. నాది చిన్నప్పటిసంది ఎడమపక్క పాపిట, మా అమ్మనే తీస్తుండె. గడపల నిలవడంగనే పట్టుకుంటది," అంది అశ్విని.

"లవకర్ ఇటియ్యి," అని తొందరపెట్టింది బాలమణి.

విగ్గును బొమ్మ తలకు గుచ్చింది. ముందు భాగమంతా వలలాంటి సన్నని జాలీ. ఒక్కో వెంట్రుకనూ దానికే ముడివేస్తారు కాబట్టి పాపిట జరపొచ్చు. పాత పాపిట దగ్గర కుదుళ్లు తడిపి, అటువి ఇటు, ఇటువి అటు దువ్వుతూ ఆరబెట్టింది. ఆ సందు మూసుకుంది. ఎడమ కనుబొమ్మకు పైనుంచి దువ్వెన తోకతో కొత్త గీత తీసి, రెండు వైపులా క్లిప్పులు పెట్టింది. పాపిటలో ముడుల చుక్కలు కనపడకుండా అశ్విని చర్మం రంగు పౌడర్ అద్దింది. అంతవరకు బంగారమే.

నుదుటి దగ్గర జుట్టు మరీ ఒత్తుగా ఉంది. అక్కడ చిన్న పట్టుకారులాంటి చిమటాతో ఒక్కో వెంట్రుకే పీకింది. పీకుతూ పీకుతూ పాత కార్ఖానా బుద్ధి పోనిచ్చుకోలేదు. బయటికొచ్చినవన్నీ తీసేసి, ఈ చెవి నుంచి ఆ చెవి దాకా గీత గీసినట్టు చేసింది.

అశ్విని పెట్టుకుని అద్దంలో చూసి, "అక్కా, తువ్వాల అంచున్నట్టున్నది," అంది.

నిజమే. నెత్తిన టోపీ కుట్టించుకున్నట్టుంది. పీకిన వెంట్రుక మళ్లీ ముడిపడదు. ఇంకో విగ్గు లేదు. అప్పుడే అమోల్ ఫోన్: రిక్షా ఎక్కినం. చెప్పొద్దూ, నాకు బాలమణి మీద కోపం వచ్చింది.

బాలమణి నా గడ్డం పట్టుకుని లైటు కిందికి లాగింది. "కదలకు వదినా. నీ నొసలు సూడనియ్యి." నా జుట్టు మొదలయ్యే చోటు ముక్కు మీది కళ్లద్దాల్లోంచి గాలించింది. "ఏందిది, ఒక్క తీరుగ లేదు. ఈడ రెండు, ఆడ ఒకటి. సన్నయి పొట్టియి ముంగట, ఎనక ఒత్తు."

"మనిషి తల బాలమణీ, చద్దరు గాదు," అన్నాను.

ఈసారి అంచును ముట్టుకోలేదు. దాని వెనక వరుసల్లో, ఒకచోట ఎడంగా, ఒకచోట దగ్గరగా, కొన్నే పీకింది. నాలుగైదు పాయల నుంచి సన్నని వెంట్రుకలు ముందుకు లాగి, పొట్టిగా, హెచ్చుతగ్గులుగా కత్తిరించి నుదుటి మీదికి వదిలింది. వంకర కావాలని చేస్తుంటే ఆమె చేతికి చెమటలు పట్టాయి. గీత చెదిరింది. అద్దంలో మా అశ్విని కనపడింది.

ఒక్కదాన్నే పోలేనని మా ఇద్దరినీ వెంటబెట్టుకుని ఇంటికి నడిచింది. మేం పోయేసరికే చంద్రభాగ వాకిట్లో దిగుతోంది. కూతుర్ని తేరిపార చూసింది. బిడ్డ కనపడగానే నెత్తి తడిమి నూనె గిన్నె అడిగే తల్లి, ఆ చేతిని తల దాకా తెచ్చి ఆపింది. చెంప మీద పెట్టింది.

"నూనె పెట్టవా అమ్మా?" అంది అశ్విని, నవ్వబోతూ.

"వద్దు బిడ్డా. ఖరాబైతది."

అశ్విని చెయ్యి విగ్గు మీదికి పోయింది.

"వీడియో కాల్‌ల నెత్తిమీదికెళ్లి కొంగు తియ్యకపోతివి. కన్నతల్లి ముంగట ఎవరన్న కొంగు కప్పుకుంటరా? అమోల్‌ను రిక్షాల కూసోవెట్టి అడిగిన, ఏడ్సిండు." చంద్రభాగ కూతుర్ని దగ్గరికి తీసుకుంది. "అంత తెలిసొచ్చి గూడ, ఇప్పుడు నిన్ను సూడంగనే ఆ పాపిట సూసి, అబద్ధం చెప్పిండేమో, నా బిడ్డకేం గాలేదేమో అనుకున్న. ఒక్క గడియ."