పన్నెండు కిలోల పిల్లలు

నర్సింగ్ మూడో సంవత్సరంలో నాకు నరసరావుపేటలో పిల్లల వార్డు పోస్టింగు పడింది. వెళ్ళిన రెండో రోజే అసైన్‌మెంట్ ఇచ్చారు. తలా ఒక బిడ్డను తీసుకుని, ఆ బిడ్డకు ఇస్తున్న మందు డోసెంతో, సెలైన్ నిమిషానికి ఎన్ని చుక్కలు పడాలో లెక్క కట్టి రికార్డులో రాయాలి. నాకు సంతోషం వేసింది. కొత్తవాళ్ళతో నాలుగు మాటలు మాట్లాడాలంటే నాకు బెరుకు. లెక్కయితే ఎవరితోనూ మాట్లాడనక్కర్లేదు అనుకున్నాను.

నాకు వచ్చింది రెండో బెడ్డు. న్యుమోనియాతో ముందురోజు రాత్రి చేరిన రెండేళ్ళ ఆడపిల్ల. కేస్ షీటులో బరువు పన్నెండు కిలోలని ఉంది. పిల్ల మణికట్టు చుట్టూ నా బొటనవేలు, చూపుడువేలు కలిపితే ఇంకా చోటు మిగిలింది. అనుమానం వచ్చి పక్క షీట్లు చూశాను. ఇంకో ముగ్గురు రెండేళ్ళ పిల్లలున్నారు. ముగ్గురూ పన్నెండు కిలోలే. ఏడాది పిల్లాడు పది కిలోలు, మూడేళ్ళ పిల్ల పద్నాలుగు.

సమాధానం సిస్టర్ టేబుల్ వెనక గోడకే అతికించి ఉంది. ఏ వయసుకు సగటున ఎంత బరువో చెప్పే కాగితం. బిడ్డను చేర్చుకునేటప్పుడు వయసు అడిగి, ఆ కాగితం చూసి, బరువు గడిలో అంకె రాస్తున్నారు. పిల్లల తూకం మిషన్ పాడై ఎన్నాళ్ళయిందో, బీరువా మీద దూది కట్టలు మోస్తూ ఉంది.

నా పక్కనే రాసుకుంటున్న స్నేహితురాలికి చెప్పాను.

"ఏమే, నీకెందుకే అదంతా? పన్నెండు పెట్టి చెయ్యి. లెక్క గుండ్రంగా వస్తది."

నిజమే, గుండ్రంగానే వస్తుంది. సెలైన్ మొదటి పది కిలోలకు కిలోకి వంద మిల్లీలీటర్లు, ఆ పైన కిలోకి యాభై. పన్నెండు కిలోలకు రోజుకి పదకొండు వందలు. గంటకు దాదాపు నలభై ఆరు. పిల్లల సెలైన్ సెట్టులో అరవై చుక్కలు ఒక మిల్లీలీటరు కాబట్టి గంటకు ఎన్ని మిల్లీలీటర్లో నిమిషానికి అన్ని చుక్కలు. రెండో బెడ్డులో అప్పటికే నలభై ఆరు చుక్కలు పడుతున్నాయి. అమికాసిన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ కిలోకి పదిహేను మిల్లీగ్రాములు, అంటే రోజుకి నూట ఎనభై. మొదటి డోసు రాత్రే పడిపోయింది. రెండోది ఆ సాయంత్రం ఎనిమిదింటికి.

ధైర్యం చేసి ఆ పిల్ల తల్లినే అడిగాను. మాచర్ల దగ్గర నాపరాళ్ళ క్వారీలో పనిచేసే మనిషి.

"అక్కా, పాప బరువెంత?"

"మీరు తూయకుండా నన్నడుగుతారేందమ్మా? మా క్వారీలో రాళ్ళ లారీని కూడా కాటా ఎక్కిచ్చి గానీ పంపరు. ముందు ఖాళీ బండి, తర్వాత లోడు బండి. నా పిల్ల రాళ్ళపాటి చెయ్యలేదా?"

తలెత్తలేకపోయాను. పక్క గదిలో పెద్దవాళ్ళ తూకం మిషన్ ఉంది. తెచ్చి బెడ్డు పక్కనే పెట్టాను. ఆమె చెప్పులు విడిచి ఎక్కింది.

"ఇది ఖాళీ బండి. రాసుకో."

నలభై ఒకటి పాయింట్ మూడు. సెలైన్ గొట్టం లాగకుండా పిల్లను చేతికిచ్చాను. నలభై తొమ్మిది పాయింట్ ఏడు. అనుమానం లేకుండా ఇంకోసారి తూచాను. అదే వచ్చింది. పిల్ల ఎనిమిది కిలోల నాలుగు వందల గ్రాములు.

కొత్త లెక్క వేశాను. సెలైన్ రోజుకి ఎనిమిది వందల నలభై, నిమిషానికి ముప్ఫై అయిదు చుక్కలు చాలు. అమికాసిన్ నూట ఇరవై ఆరు. యాభై నాలుగు మిల్లీగ్రాములు ఎక్కువ రాసి ఉంది, అదీ ఎక్కువైతే కిడ్నీనీ చెవినీ పాడుచేసే మందు. ఊపిరితిత్తుల్లో జబ్బుతో ఎగశ్వాస తీస్తున్న పిల్లకు పదకొండు చుక్కలు ఊరికే ఎక్కువ పోతున్నాయి.

పదకొండు గంటలకు మా ట్యూటర్ మేడం వచ్చారు. రికార్డు ఇచ్చాను. ఆమె ఎర్ర పెన్నుతో ఎనిమిది పాయింట్ నాలుగు మీద గీత కొట్టారు.

"కేస్ షీటులో పన్నెండుంటే నువ్వు ఎనిమిది రాశావేంది?"

"తూచాను మేడం."

"నిన్నెవరు తూయమన్నారు? షీటులో ఏముంటే అది రాయాలి. రేపు ఎగ్జామినర్ చూస్తే రెండూ కలవొద్దా?"

"మేడం, చుక్కలు..."

"ఇది అసైన్‌మెంట్. ఈ లెక్కతో ఎవరికీ సూది వెయ్యటం లేదు."

వేస్తున్నారు మేడం, అదే లెక్కతో నిన్న రాత్రి వేశారు. ఈ మాట నా నోట్లోనే ఉండిపోయింది. డైరీలో అయితే నాలుగు పేజీలు రాసేదాన్ని. వార్డులో మాత్రం గీత కొట్టిన రికార్డు పట్టుకుని నిలబడ్డాను. కలవాల్సింది కాగితమూ కాగితమూనా, కాగితమూ బిడ్డా? లెక్క నేర్చుకోమని మమ్మల్ని పంపితే, నేర్పింది ఇదా?

అప్పుడే డ్యూటీ డాక్టర్ రౌండ్సుకి వచ్చారు. సిస్టర్ షీటు అందిస్తుంటే, నేను నోరు తెరిచేలోగా ఆ తల్లే అంది:

"సారూ, మా పిల్ల ఎనిమిది కిలోలంట. మీ కాగితంలో పన్నెండుందంట. ఈ నర్సమ్మ తూసింది."

అందరూ నావైపు తిరిగారు. చెవులు వేడెక్కాయి. నేను చెప్పాల్సింది ఆమె చెప్పాల్సి వచ్చిందన్న సిగ్గు అంతకంటే ఎక్కువగా కాల్చింది. రికార్డు తెరిచి డాక్టర్ ముందు పెట్టాను.

"ఎలా తూచావు?"

"తల్లిని ఒక్కదాన్ని ఒకసారి, పిల్లతో కలిపి ఒకసారి సార్. రెండుసార్లు చూశాను."

ఆయన నా ఎదుటే మళ్ళీ తూయించారు. ఎనిమిది పాయింట్ నాలుగు. షీటులో పన్నెండు కొట్టేసి సంతకం పెట్టారు. అమికాసిన్ నూట ఇరవై ఆరుకి మార్చి, కిడ్నీ పరీక్షకు రక్తం తీయమని రాశారు. సిస్టర్ గడియారం చూస్తూ చుక్కలు ముప్ఫై అయిదుకి తగ్గించింది.

డాక్టర్ వెళ్ళాక మేడం నా రికార్డు తీసుకున్నారు. షీటు చూశారు. గీత కొట్టిన చోట పక్కనే టిక్కు పెట్టి, "ఇప్పుడు కలిసింది గదా" అన్నారు.

ఉదయం నుంచి ఆ అంకె మారలేదు. ఆ పిల్ల మారలేదు. నా లెక్క మారలేదు. మారింది షీటులో సిరా ఒక్కటే, దానికి టిక్కు. మూడేళ్ళలో ఆమెకు ఎదురు మాట అననిదాన్ని, ఆరోజు అన్నాను.

"మేడం, మిగతా బెడ్లన్నీ కూడా కాగితం చూసి రాసినవే."

"నీ కేసు ఒక్కటే గదా. నీదైపోయింది."

తూకం మిషన్ ఇంకా రెండో బెడ్డు పక్కనే ఉంది. దాన్ని మూడో బెడ్డు దగ్గరికి తోశాను. అక్కడి బిడ్డ తల్లిని లేవమన్నాను. మేడం ఏదో అనబోయి సిస్టర్ వైపు చూశారు. సిస్టర్ తల దించుకుని షీట్లు సర్దుకుంది. మూడో బెడ్డు పిల్లాడు తొమ్మిది పాయింట్ ఏడు. నాలుగో బెడ్డులో పది పాయింట్ రెండు. స్నేహితురాలు నా పక్కన అంకెలు రాస్తోంది. అయిదో బెడ్డు పిల్ల పన్నెండు పాయింట్ ఒకటి వచ్చింది.

"చూశావా, ఇది సరిపోయింది గదే" అంది అది, ఊపిరి పీల్చుకుని.

సరిపోయింది. కానీ చేర్చుకున్నప్పుడు ఆ పిల్లను కూడా ఎవరూ తూయలేదు, అంకె అదృష్టం కొద్దీ కలిసింది. నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం అక్కడే వచ్చింది.